సీసాలో రాష్ట్రం, ట్యాంకులో కేంద్రం

2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. కరోనా కట్టడితో అక్కడ మద్యం దుకాణాలు మూతపడ్డాయి. తాగుడుకు అలవాటుపడినవాళ్లు చేతులు శుభ్రం చేసుకునే ద్రవాన్ని నీళ్లలోనో కూల్‌డ్రింకులోనో కలుపుకుని తాగేశారు. ఆ వార్త విన్నప్పుడు రాజ్యాంగం ఏడో షెడ్యూలు ఎవరికీ గుర్తొచ్చి ఉండదు. గుర్తు రానక్కర్లేదు కూడా. కానీ ఆ చిన్న సీసా ఎవరి అధికారం కిందికి వస్తుందని అడిగితే మాత్రం జవాబు అంత తేలిగ్గా దొరకదు.

మద్యం దుకాణం తెరవాలా, మూయాలా అన్నది రాష్ట్రం ఇష్టం. శానిటైజర్ తయారీకి లైసెన్సు 1940 నాటి కేంద్ర చట్టం కింద ఇస్తారు, ఇచ్చేది మాత్రం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ. 2020 మార్చి 13 నుంచి జూన్ 30 వరకు కేంద్రం దాన్ని నిత్యావసర సరుకుగా ప్రకటించింది. దాని మీద 18 శాతం జీఎస్టీని కేంద్రం, రాష్ట్రం పంచుకున్నాయి. అందులో పోసిన స్పిరిట్ మాత్రం చాలా చోట్ల రాష్ట్ర ఎక్సైజ్ శాఖ కాపలాలో ఉండే డిస్టిలరీల నుంచే వచ్చింది.

బడి పుస్తకంలో మనం చదువుకున్నది ఇంతకంటే సాఫీగా ఉండేది. రాజ్యాంగం 246వ అధికరణ శాసనాధికారాన్ని మూడు జాబితాలుగా విడదీసింది. కేంద్ర జాబితాలో రక్షణ, రైల్వేలు, కరెన్సీ లాంటివి. రాష్ట్ర జాబితాలో పోలీసు, భూమి, వ్యవసాయం లాంటివి. ఉమ్మడి జాబితాలో ఇద్దరూ చట్టం చేయొచ్చు, ఢీకొంటే మామూలుగా కేంద్ర చట్టానిదే పైచేయి. మొదట ఈ మూడింటిలో వరసగా 97, 66, 47 అంశాలు ఉండేవి. ఏ జాబితాలోనూ లేనిది కేంద్రానికే చెందుతుంది. పరీక్షలో మార్కులకు ఇది చాలు. ఊళ్లో జరిగేదాన్ని అర్థం చేసుకోవడానికి చాలదు. ఎందుకంటే పొలంలో పండిన ఒక సరుకు మిల్లుకు, బట్టీకి, సీసాకు, బంకుకు వెళ్లే దారిలో ఒక జాబితాలోంచి ఇంకో జాబితాలోకి మారిపోతూ ఉంటుంది. ఈ మార్పు ఆల్కహాల్ విషయంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. దాని మీద కేంద్ర, రాష్ట్రాల తగవు ఎంతకూ తెగక చివరికి సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చోవాల్సి వచ్చింది.

చెరకుతోనే మొదలుపెడదాం. అనకాపల్లిలోనో నిజామాబాద్‌లోనో చెరకు నాటడం వ్యవసాయం, అంటే రాష్ట్ర జాబితా. అయితే ఆ చెరకుకు మిల్లు ఇవ్వాల్సిన కనీస ధరను ఏటా ప్రకటించేది కేంద్రం. వ్యవసాయం రాష్ట్రానిదైతే ధర కేంద్రం చేతికి ఎలా పోయింది? 1954లో రాజ్యాంగానికి చేసిన మూడో సవరణ ఉమ్మడి జాబితాలోని 33వ ఎంట్రీని పెద్దది చేసింది. ఆహార పదార్థాల వ్యాపారం, సరఫరా అందులోకి వచ్చాయి. మరుసటి ఏడాదే నిత్యావసర సరుకుల చట్టం, దాని కింద తర్వాత చెరకు నియంత్రణ ఉత్తర్వు వచ్చాయి. పంట గట్టు దాటి బండెక్కగానే జాబితా మారిందన్నమాట.

ఈ మలుపు మీద 1956లో సుప్రీంకోర్టు టీకా రామ్‌జీ కేసులో ఒక గీత గీసింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మిల్లులకు చెరకు సరఫరాను నియంత్రిస్తూ చేసిన చట్టాన్ని అందులో సవాలు చేశారు. చక్కెర పరిశ్రమ కేంద్రం అదుపులో ఉంది కాబట్టి దానికి కావలసిన చెరకూ కేంద్రానిదే కదా అన్నది వాదన. కోర్టు ఒప్పుకోలేదు. పరిశ్రమ అంటే తయారుచేసే ప్రక్రియ మాత్రమే. దానికి ముందుండే ముడిసరుకు, దాని తర్వాత జరిగే పంపిణీ వేరే ఎంట్రీల కిందికి వస్తాయి అంది. చెరకు విషయంలో ఈ గీత చక్కగా సరిపోయింది. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌ను పులియబెట్టి బట్టీ పట్టినప్పుడే చిక్కు మొదలైంది.

డిస్టిలరీ నుంచి వచ్చేది దాదాపు 95 శాతం బలం ఉన్న రెక్టిఫైడ్ స్పిరిట్. దాన్ని ఇంకా శుద్ధి చేస్తే 96 శాతం ఈఎన్ఏ అవుతుంది. దానికి నీళ్లు, రంగు, వాసన కలిపి 42.8 శాతానికి దించితే వైన్‌షాపులో అమ్మే బ్రాందీ, విస్కీ. తేమ మొత్తం తీసేసి 99.5 శాతం దాటిస్తే పెట్రోల్‌లో కలిపే ఇథనాల్. ఎవరూ నోట్లో పెట్టుకోకుండా చేదు, దుర్వాసన వేసే రసాయనాలు కలిపితే డీనేచర్డ్ స్పిరిట్. అది రంగులకు, వార్నిష్‌కు, రసాయన పరిశ్రమలకు పోతుంది. మూలపదార్థం ఒక్కటే. ఆ పీపా బట్టీ గేటు దగ్గర ఉన్నంతసేపు ఎటు పోతుందో దాన్ని చూసి చెప్పలేం.

రాజ్యాంగంలో ఈ పీపా మీద చేయి వేసే ఎంట్రీలు ప్రధానంగా రెండు. రాష్ట్ర జాబితాలో ఎనిమిదోది మత్తు కలిగించే మద్యాల గురించి. వాటి ఉత్పత్తి, తయారీ, దగ్గర ఉంచుకోవడం, రవాణా, కొనుగోలు, అమ్మకం మొత్తం రాష్ట్రానివే అని అందులో విడివిడిగా చెప్పారు. కేంద్ర జాబితాలో 52వది పరిశ్రమల గురించి. ప్రజాప్రయోజనం కోసం ఫలానా పరిశ్రమ మా అదుపులో ఉండాలని పార్లమెంటు చట్టం ద్వారా ప్రకటిస్తే అది కేంద్రానిదవుతుంది. రాష్ట్ర జాబితాలోనూ పరిశ్రమలు అనే 24వ ఎంట్రీ ఉంది కానీ, కేంద్ర ప్రకటనకు లోబడి అన్న షరతుతో. 1951 నాటి పరిశ్రమల చట్టంలో పార్లమెంటు అలాంటి ప్రకటనే చేసింది. పట్టికలో 26వ అంశంగా ఆల్కహాల్ సహా పులియబెట్టే పరిశ్రమలన్నీ చేర్చింది.

ఎనిమిదో ఎంట్రీ బలం ఎంతో తెలుగువాళ్లకు పుస్తకాలు చెప్పక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. నిషేధం పెట్టడానికీ ఎత్తేయడానికీ ఢిల్లీ అనుమతి ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు.

అసలు తగవు తాగే మద్యం మీద కాదు, తాగకూడని ఆల్కహాల్ మీద. పరిశ్రమలకు పోయే స్పిరిట్ మీద ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాలు వెండ్ ఫీజు పేరుతో డబ్బు వసూలు చేసేవి. 1990 నాటి సింథటిక్స్ అండ్ కెమికల్స్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది చెల్లదంది. మత్తు మద్యం అంటే మనుషులు తాగేది మాత్రమే. పారిశ్రామిక ఆల్కహాల్ కేంద్రానిది. అది దొంగతనంగా తాగే మద్యంగా మారకుండా కాపలా కాయడం, ఆ కాపలా ఖర్చుకు తగిన రుసుము తీసుకోవడం వరకే రాష్ట్రాల పని అని తేల్చింది.

చదవడానికి శుభ్రంగా ఉన్న ఈ తీర్పు బట్టీ గేటు దగ్గర పనిచేయలేదు. పీపాలో ఉన్న రెక్టిఫైడ్ స్పిరిట్ సగం సీసాలకు, సగం ఫ్యాక్టరీలకు పోయేదైతే దాని మీద కాపలా ఎవరిది? 1997లో బిహార్ డిస్టిలరీ కేసులో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి దీనికి ఒక ఆచరణ మార్గం చూపించారు. తయారీ దశలోనో బయటికి తరలించే దశలోనో ఆ స్పిరిట్ గమ్యం ఏదో చూడాలి. తాగడానికి పోయేదైతే మొదటి నుంచి చివరి దాకా రాష్ట్రం అదుపు, పరిశ్రమకు పోయేదైతే కేంద్రం అదుపు. కాగితం మీద గమ్యం ఒకటి రాసి లారీ ఇంకో దారిన పోవడం ఎక్సైజ్ సిబ్బందికి కొత్త కాదు. అయినా గుణం బట్టి కాక గమ్యం బట్టి విడదీయాలన్న ఆ ఆలోచన పెద్ద ధర్మాసనం మాట కంటే నేలకు దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అది ఏడుగురి తీర్పుతో పొసగుతుందా అన్నది మాత్రం తేలకుండా మిగిలింది.

ఇక తొమ్మిదిమంది దగ్గరికి వెళ్లిన కేసు. 1999లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం లైసెన్సు ఉన్నవాళ్లకు అమ్మే డీనేచర్డ్ స్పిరిట్ మీద 15 శాతం రుసుము వేసింది. ఒక వ్యాపారి హైకోర్టుకు వెళ్లి 2004లో గెలిచాడు. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వచ్చింది. ఏడుగురి తీర్పును మళ్లీ చూడాలంటే అంతకంటే పెద్ద ధర్మాసనం కావాలి కనుక 2010లో తొమ్మిదిమందికి పంపారు. వాదనలు 2024 ఏప్రిల్‌లో జరిగాయి. అక్టోబరు 23న తీర్పు వచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ సహా ఎనిమిదిమంది ఒక వైపు, జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరు మరో వైపు.

మెజారిటీ వాదం ఇలా సాగింది. రాష్ట్ర జాబితాలో పరిశ్రమలు, గనులు లాంటి ఎంట్రీలకు కేంద్రానికి లోబడి అన్న షరతు ఉంది. మద్యం ఎంట్రీకి ఆ షరతు లేదు. రాజ్యాంగం రాసినవాళ్లు దాన్ని మరచిపోయి వదిలేశారనుకోలేం. పైగా అది సరుకు గురించే కాదు, ఉత్పత్తి నుంచి అమ్మకం దాకా ఆ పరిశ్రమ మొత్తం గురించి. కాబట్టి పరిశ్రమల ప్రకటన ఒకటి చేసి పార్లమెంటు దాన్ని లాక్కోలేదు. ఇక మత్తు మద్యం అంటే తాగడానికి అమ్మేది మాత్రమే కాదు, ప్రజల ఆరోగ్యానికి హాని చేసేలా వాడుకోగలిగిన ఆల్కహాల్ అంతా అందులోకి వస్తుంది. రెక్టిఫైడ్ స్పిరిట్, ఈఎన్ఏ, డీనేచర్డ్ స్పిరిట్ అన్నీ అలా రాష్ట్రాల పరిధిలోకి వచ్చాయి. అయితే గీత ఎక్కడో ఒక చోట ఆగాలి. ఆల్కహాల్ కలిసిన తుది వస్తువును కూడా లాగితే మిగతా ఎంట్రీలు ఖాళీ అయిపోతాయి. తుది వస్తువుకు కోర్టు ఇచ్చిన ఉదాహరణ హ్యాండ్ శానిటైజరే. అంటే మనుషుల ప్రాణం తీసే అవకాశం ఉన్న స్పిరిట్ పీపాలో ఉన్నంతవరకు మద్యం, శానిటైజర్‌గా సీసాకెక్కాక మద్యం కాదు.

కురిచేడు గుర్తున్నవాళ్లకు ఇది వింతగానే తోస్తుంది. దుర్వినియోగమే కొలమానమైతే ఆ సీసా కంటే మంచి ఉదాహరణ ఏముంది? కానీ ఇక్కడ కోర్టు చేసింది తప్పని నేననుకోను. శానిటైజర్‌ను మద్యంగా లెక్కిస్తే దగ్గుమందు, సెంటు, వార్నిష్ డబ్బా అన్నీ ఎక్సైజ్ పోలీసు పరిధిలోకి వస్తాయి. 1951లో బొంబాయి మద్యనిషేధ చట్టాన్ని దాదాపు మొత్తం నిలబెట్టిన సుప్రీంకోర్టే, ఆల్కహాల్ ఉన్న మందులనూ అలంకరణ సామగ్రినీ కూడా నిషేధించిన భాగాన్ని కొట్టేసింది. జస్టిస్ నాగరత్న అభ్యంతరం ఇంకో వైపు నుంచి. దుర్వినియోగం కావచ్చు అన్న భయం ఒక్కటే పరిశ్రమకు పోయే ఆల్కహాల్‌ను మత్తు మద్యంగా మార్చలేదనీ, దేశమంతా ఒకే తీరున నడవాల్సిన పరిశ్రమ రాష్ట్రానికో పద్ధతి కింద పడుతుందనీ ఆమె వాదన. ఆ రెండో మాట ఎంత నిజమో ఇప్పుడు ఇథనాల్ చెబుతోంది.

దానికి ముందు పన్ను సంగతి తేల్చాలి. నియంత్రించే అధికారం ఉంటే పన్ను వేసే అధికారమూ ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మన రాజ్యాంగంలో ఈ రెండింటికీ వేరువేరు ఎంట్రీలు. 1958లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద మద్రాసు నూలు వ్యాపారులు వేసిన సుందరరామయ్యర్ కేసులోనే సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. మద్యం విషయంలో ఆ తేడా డబ్బు రూపంలో కనిపిస్తుంది. నియంత్రణ ఎంట్రీ మత్తు మద్యాలన్నింటికీ వర్తిస్తే, ఎక్సైజ్ సుంకం వేసే 51వ ఎంట్రీ మనుషులు తాగే మద్యానికే పరిమితం. అందుకే 2024 తీర్పు తర్వాత కూడా డీనేచర్డ్ స్పిరిట్ మీద రాష్ట్రం ఎక్సైజ్ సుంకం వేసే వీల్లేదు. అది జీఎస్టీ కిందికే వస్తుంది.

మధ్యలో ఉన్న ఈఎన్ఏ పరిస్థితి మరీ అయోమయం. జీఎస్టీ 2017లో వచ్చినప్పుడు తాగే మద్యాన్ని దాని బయట ఉంచారు. మద్యానికి ముడిసరుకైన ఈఎన్ఏ లోపలా బయటా అన్నది ఆరేళ్లు నలిగింది. 2023 అక్టోబరులో జీఎస్టీ మండలి సీసాలకు పోయే ఈఎన్ఏను రాష్ట్రాలకు వదిలేసింది. అందుకు చేసిన చట్టసవరణ 2024 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక్కడా చివరికి గెలిచింది గమ్యమే. రాష్ట్రాలు ఇంత పట్టుబట్టడానికి కారణం దాచాల్సినదేమీ కాదు. జీఎస్టీ వచ్చాక సొంతంగా రేటు మార్చుకునే వీలున్న పెద్ద ఆదాయాలు వాటికి నాలుగైదే మిగిలాయి. మద్యం, పెట్రోల్ వాటిలో మొదటివి. మద్యనిషేధం గురించి మాట్లాడే ఏ పార్టీ అయినా బడ్జెట్ పుస్తకం తెరిచాక గొంతు తగ్గించడానికి కారణం ఇదే.

ఇప్పుడు బంకు దగ్గరికి. ఈ20 పెట్రోల్ లీటరులో 200 మిల్లీలీటర్లు ఇథనాల్. మిగతా 800 మిల్లీలీటర్ల మీద కేంద్ర ఎక్సైజ్ సుంకం. అందులో పెద్ద భాగం సెస్సులు, సర్‌చార్జీల రూపంలో ఉంటుంది. అది రాష్ట్రాలకు పంచే మొత్తంలో చేరదు. ఇథనాల్ మీద 5 శాతం జీఎస్టీ. రెండూ కలిశాక అమ్మకం మీద రాష్ట్ర వ్యాట్. బండి ట్యాంకులోకి పోయిన ఒక్క లీటరు మీద మూడు అధికారాలు పనిచేస్తాయి.

ఆ ఇథనాల్ తయారయ్యే చోట ఇంకా కొన్ని చేరతాయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబరులో గ్రామస్థులు రోడ్డు మీద బైఠాయించారు, పనులు ఆపించారు. అనుమతి ఇచ్చింది మేం కాదంటే మేం కాదని పార్టీలు ఒకదాన్నొకటి వేలెత్తి చూపాయి. ఒకరకంగా అందరి దగ్గరా కొంత నిజం ఉంటుంది. ఇలాంటి ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి 1986 నాటి కేంద్ర చట్టం కింద ఇవ్వాలి. పర్యావరణ పరిరక్షణ అన్న మాట ఏ జాబితాలోనూ లేకపోవడంతో, అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు పార్లమెంటుకు అధికారం ఇచ్చే 253వ అధికరణ సాయంతో ఆ చట్టం చేశారు. కాలుష్య నియంత్రణ మండలి రాష్ట్రానిది. భూమి, నీళ్లు రాష్ట్ర జాబితాలోవి. పెట్రోల్‌లో ఎంత కలపాలన్న లక్ష్యం కేంద్రానిది. వాసన భరించాల్సిన రైతు ఏ కార్యాలయం మెట్లెక్కాలో తెలుసుకోవాలంటే ఇథనాల్ ఎవరిదని అడిగితే లాభం లేదు. ఏ కాగితం ఎవరు సంతకం చేశారని అడగాలి: భూమి మార్పిడిదా, నీళ్ల కేటాయింపుదా, పర్యావరణ అనుమతిదా? ప్రతి కాగితానికీ జవాబుదారీ ఒక్కరే ఉంటారు.

ఇథనాల్ దేశమంతా అడ్డులేకుండా తిరగాలని పార్లమెంటు 2016లో పరిశ్రమల చట్టాన్ని సవరించి, తాగే మద్యాన్ని మాత్రమే రాష్ట్రాలకు వదిలి మిగతా ఆల్కహాల్‌ను తన దగ్గర ఉంచుకుంది. 2024 తీర్పు ఆ ఏర్పాటు పునాదిని కదిలించింది. తర్వాత ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాలు ఇథనాల్ మీద నియంత్రణ రుసుములు వేయడం, కేంద్ర పెట్రోలియం శాఖ అభ్యంతరం చెప్పడం జరిగాయి. అధికారం రాష్ట్రానిదని తేలింది కనుక రుసుము వేయొచ్చు. కానీ పన్ను వేసే వీల్లేదు. ఏది రుసుము, ఏది పన్ను అన్నది పేరు చూసి తెలియదు, లెక్కకట్టే పద్ధతి చూస్తే కొంత తెలుస్తుంది. డిస్టిలరీ గేటు దగ్గర ఉండే ఎక్సైజ్ సిబ్బంది జీతం, టాంకర్లకు వేసే సీళ్లు, తనిఖీల ఖర్చు స్పిరిట్ ధర పెరిగినంత మాత్రాన పెరగవు. కాబట్టి లీటరుకు ఇంత అని, ఖర్చును పోలిన మొత్తం తీసుకుంటే అది రుసుమే అని వాదించవచ్చు. అమ్మిన ధరలో 15 శాతం అన్నప్పుడు ఆ వాదన నిలవడం కష్టం. నియంత్రణ రుసుముకు సేవ విలువతో పైసా పైసా సరిపోల్చనక్కర్లేదని కోర్టులు చెబుతూ వచ్చాయి గనుక రాష్ట్రాలకు కొంత వెసులుబాటు ఉంది. ఎంత అన్నది ఒక్కో రాష్ట్రం రేటు మీద ఒక్కో కేసులో తేలాలి.

ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే ఇథనాల్ మీద మాత్రమే రుసుము వేస్తే ప్రశ్న జాబితాల నుంచి 301వ అధికరణకు మారుతుంది. దేశంలో వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని చెప్పేది అదే. నిర్మల్‌లోనో కృష్ణా జిల్లాలోనో తయారైన ఇథనాల్ పొరుగు రాష్ట్రం డిపోకు పోవచ్చు, అక్కడిది ఇక్కడికి రావచ్చు. తయారైన చోట వేసిన రుసుమును చివరికి కట్టేది ఆ రాష్ట్రంలో ఓటు లేని వాహనదారుడు. ఎనిమిదిమంది న్యాయమూర్తుల తీర్పు బట్టీ గేటు దాకా హద్దు తేల్చింది. టాంకర్ చెక్‌పోస్టు దాటాక ఏం జరగాలన్నది ఇంకా వాదనల దశలోనే ఉంది.